చదును బొమ్మల్లో మూడో కొలత

1993లో మాక్సిస్ సంస్థ విడుదల చేసిన సిమ్‌సిటీ 2000 ఆటలో, తెర పైఅంచు దగ్గర చాలా దూరంగా ఉన్నట్లు తోచే మేడనూ, తెర అడుగున చేరువగా ఉన్నట్లు తోచే అదే రకం మేడనూ కొలబద్దతో కొలిస్తే రెండింటి ఎత్తూ ఒక్కటే అని తేలుతుంది. కంటికి ఎదురయ్యే లోకంలో ఇలా జరగదు. దూరం పెరిగేకొద్దీ వస్తువు చిన్నదవుతుంది, రైలు పట్టాలు దగ్గరవుతూ పోయి ఒక చుక్కలో కలిసినట్లు కనిపిస్తాయి. దూరాన్ని తెలిపే ఆనవాళ్లలో అంత బలమైనదాన్ని పూర్తిగా వదిలేసినా ఆ నగరం చదునుగా కనిపించదు సరికదా, వీధుల మధ్య మేడలు నిటారుగా నిలిచి ఉన్నాయనీ, ఒకదాని వెనుక ఇంకొకటి దాగి ఉందనీ చూపు ఏ అనుమానమూ లేకుండా ఒప్పుకుంటుంది. అక్కడ ఉన్నవన్నీ చదును బొమ్మలే. వాటిని ఒక పద్ధతి ప్రకారం తెరమీద పేర్చడం వల్లనే లోతు పుడుతుంది. ఆ పద్ధతికి ఐసోమెట్రిక్ చిత్రణ అని పేరు. దూరాన్ని వదిలేయడం వల్ల ఆట తయారుచేసేవారికి దక్కిన లాభం ఏమిటో, దానికి బదులుగా వారు తీర్చవలసి వచ్చిన అప్పు ఏమిటో తెలిస్తే ఈ పద్ధతి మొత్తం అర్థమవుతుంది.

కలవని గీతలు

రాత్రివేళ గదిలో దీపం ముందు కిటికీ ఊచల చట్రాన్ని పట్టుకుంటే గోడమీద దాని నీడ విచ్చుకుంటూ పోతుంది. దీపానికి దగ్గరగా ఉన్న ఊచ నీడ పెద్దదిగా, దూరంగా ఉన్న ఊచ నీడ చిన్నదిగా పడుతుంది. అదే చట్రం నీడ పగటి ఎండలో నేలమీద పడినప్పుడు, సూర్యకిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి కనుక, సమాంతరంగా ఉన్న ఊచలు నీడలోనూ సమాంతరంగానే ఉంటాయి, సమానమైన ఊచలు సమానంగానే పడతాయి. కన్నూ కెమెరా లోకాన్ని చూసే తీరు దీపం నీడలాంటిది. ఐసోమెట్రిక్ చిత్రం ఎండ నీడలాంటిది: వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ ఒకదానికొకటి సమాంతరమైన గీతలు బయలుదేరి కాగితాన్ని తాకితే ఏర్పడే ఆకారం అది. దీన్ని సమాంతర విక్షేపం అంటారు.

అలా చూసినంత మాత్రాన లోతు రాదు. ఒక ఘనాన్ని సరిగ్గా ఎదుటి నుంచి చూస్తే ఒక చదరం మాత్రమే కనిపిస్తుంది, నిట్టనిలువుగా పైనుంచి చూసినా అంతే. దాన్ని ఒక మూల చూపుకు ఎదురయ్యేలా తిప్పి, చూపును కొంత ఎత్తు నుంచి కిందికి వాల్చినప్పుడు పైముఖం, ఎడమ ముఖం, కుడి ముఖం మూడూ ఒకేసారి కనిపిస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు దిశలూ కాగితం మీద మూడు వేర్వేరు గీతలుగా విడిపోతాయి. ఆ వాలు నేలకు సుమారు 35.3 డిగ్రీలు ఉన్నప్పుడు మూడు దిశలూ ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో నిలుస్తాయి, మూడు దిశల్లోని అంచులూ ఒకే నిష్పత్తిలో, అంటే అసలు పొడవులో దాదాపు 82 శాతానికి, కురచవుతాయి. అన్ని దిశల్లో ఒకే కొలత చెల్లుతుంది కనుకనే దానికి ఐసోమెట్రిక్ అనే పేరు వచ్చింది.

ఈ పద్ధతిని నియమబద్ధంగా వివరించినవారు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ఆచార్యులు విలియం ఫారిష్. యంత్రాల నమూనాలను విడిభాగాలతో బిగించి తరగతిలో చూపి, తర్వాత విప్పేసి, అవే భాగాలతో మరో యంత్రం కట్టడం ఆయన బోధనా పద్ధతి. ఏ భాగం ఎక్కడ బిగించాలో సహాయకులకు తెలియాలంటే కొలతలు చెడని బొమ్మ కావలసివచ్చింది, ఆ అవసరం నుంచే ఆయన 1822 నాటి వ్యాసం పుట్టింది. ఇంజనీరింగ్ డ్రాయింగ్ తరగతిలో 30 డిగ్రీల సెట్‌స్క్వేర్‌తో పెట్టెలు గీసిన ప్రతి విద్యార్థీ ఆ పద్ధతినే అనుసరించాడు.

ఆటల తయారీదారులకు ఇందులో దొరికిన లాభం వేరే రకానిది. దీపం నీడ పద్ధతిలో ఒక చెట్టును పది దూరాల్లో చూపాలంటే పది పరిమాణాల బొమ్మలు కావాలి, లేదా కంప్యూటరు ప్రతిసారీ బొమ్మను కుదించి గీయాలి. ఎండ నీడ పద్ధతిలో ఒక్క చెట్టు బొమ్మ గీస్తే చాలు, దాన్ని మైదానంలో ఏ గడిలో పెట్టినా ఒక్క పిక్సెల్ కూడా మార్చనవసరం లేదు. 1984లో అల్టిమేట్ ప్లే ది గేమ్ సంస్థ నైట్ లోర్ అనే ఆటను కేవలం 48 కిలోబైట్ల మెమరీ గల జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ యంత్రంలో ఇమడ్చగలిగిందంటే, గదులన్నింటిలోనూ అవే దిమ్మెలు, అవే కమానులు మళ్ళీమళ్ళీ వాడుకోగలగడం అందుకు ఒక ముఖ్య కారణం. లోతును చూపడానికి చేసే లెక్కల భారాన్ని ఈ పద్ధతి యంత్రం మీది నుంచి తీసి ముందుగానే బొమ్మ గీసే చిత్రకారుడి మీద పెట్టింది.

ముప్పై డిగ్రీల గీత ఎందుకు కుదరలేదు

కాగితం మీద చక్కగా కుదిరిన 30 డిగ్రీల గీత తెరమీద కుదరలేదు. తెర చదరపు చుక్కలతో, అంటే పిక్సెళ్లతో, నేసినది. 30 డిగ్రీల గీత ఒక పిక్సెల్ కిందికి దిగేలోగా సుమారు 1.73 పిక్సెళ్లు పక్కకు జరగాలి. పిక్సెల్‌ను ముక్క చేయడం సాధ్యం కాదు కనుక గీత కొన్నిచోట్ల రెండు పిక్సెళ్లు, కొన్నిచోట్ల ఒక్కటే జరిగి మెట్టు దిగుతుంది. ఆ హెచ్చుతగ్గుల వల్ల అంచు గరుకుగా, విరిగినట్లుగా కనిపించడమే కాక, పక్కపక్కన పేర్చిన రెండు గడుల అంచులు ఒకదానిలో ఒకటి సరిగా అమరక మధ్యలో సందులు పడతాయి.

అందుకని ఆటల్లో గీతను ఇంకాస్త వాల్చి, కచ్చితంగా రెండు పిక్సెళ్లు పక్కకు జరిగినప్పుడల్లా ఒక పిక్సెల్ కిందికి దిగేలా గీస్తారు. ఆ గీత కోణం సుమారు 26.6 డిగ్రీలు, చూపు నేలకు వాలిన కోణం సరిగ్గా 30 డిగ్రీలు. ఈ వాలులో నేలమీది గుండ్రటి బావి గట్టు తెరమీద తన వెడల్పులో సగం ఎత్తున్న అండాకారంగా కనిపిస్తుంది, నేలమీది చదరపు గడి ఎత్తుకు రెట్టింపు వెడల్పున్న వజ్రాకారంగా మారుతుంది. గణితం ప్రకారం చూస్తే ఇది ఐసోమెట్రిక్ కాదు. ఎత్తు దిశకూ తక్కిన రెండు దిశలకూ కొలత కొద్దిగా తేడా పడుతుంది కనుక దీన్ని డైమెట్రిక్ అనాలి. అయినా ఆటల రంగంలో అందరూ దీన్ని ఐసోమెట్రిక్ అనే వ్యవహరిస్తారు, ఆ వాడుకను సరిదిద్దబోవడం వల్ల ప్రయోజనం కూడా లేదు.

ఎంతో వాడుకలో ఉన్న గడి కొలత 64 పిక్సెళ్ల వెడల్పు, 32 పిక్సెళ్ల ఎత్తు. బొమ్మ నిజానికి ఆ కొలతగల దీర్ఘచతురస్రమే; నాలుగు మూలల్లో వజ్రం బయట మిగిలిన భాగాన్ని పారదర్శకంగా ఉంచుతారు. ఒక వరుస తర్వాత మరో వరుసను సగం గడి పక్కకూ సగం గడి కిందికీ జరిపి పేర్చినప్పుడు వజ్రాలు ఒకదానిలో ఒకటి ఒదిగి అతుకు లేని నేల ఏర్పడుతుంది.

> పెట్టె: గడి నుంచి తెరకు
>
> మైదానంలో ప్రతి గడికీ రెండు అంకెలుంటాయి. తెర పైకొన నుంచి కుడి దిగువకు ఎన్ని గడులు నడవాలో మొదటి అంకె, ఎడమ దిగువకు ఎన్ని నడవాలో రెండో అంకె తెలుపుతాయి. కుడి దిగువకు ఒక గడి నడిస్తే తెరమీద 32 పిక్సెళ్లు కుడికి, 16 కిందికి. ఎడమ దిగువకు ఒక గడి నడిస్తే 32 పిక్సెళ్లు ఎడమకు, 16 కిందికి జరిగినట్లు. కనుక రెండంకెల తేడాను 32తో గుణిస్తే అడ్డంగా జరగవలసిన దూరం, రెండంకెల మొత్తాన్ని 16తో గుణిస్తే కిందికి జరగవలసిన దూరం వస్తాయి.
>
> ఉదాహరణకు 3, 1 అనే గడి: తేడా 2, కనుక 64 పిక్సెళ్లు కుడికి, మొత్తం 4, కనుక 64 పిక్సెళ్లు కిందికి. వస్తువు నేల నుంచి లేచి ఉంటే ఆ ఎత్తును కిందికి జరిగిన దూరంలోంచి తీసివేయాలి, అంతే.
>
> ఆటగాడు మౌస్‌తో నొక్కిన చోటు ఏ గడిదో తెలుసుకోవడానికి ఇదే లెక్కను వెనక్కి నడుపుతారు: 64ను 32తో భాగిస్తే తేడా 2, 64ను 16తో భాగిస్తే మొత్తం 4, మొత్తం నాలుగూ తేడా రెండూ అయ్యే అంకెలు 3, 1 మాత్రమే.

చెట్టు, మేడ, మనిషి వంటివి గడికంటే ఎత్తుగా ఉంటాయి కనుక వాటి బొమ్మలో నేలను తాకే బిందువు ఏదో విడిగా గుర్తించి ఉంచుతారు. బొమ్మ పైకొనను కాక ఆ బిందువునే గడిలో నిలపాలి. ఆ గుర్తు నాలుగైదు పిక్సెళ్లు పైకో కిందికో తప్పినా మనిషి గాలిలో తేలుతున్నట్లో, నేలలో కూరుకుపోయినట్లో కనిపిస్తాడు. నడుస్తున్న మనిషి గడి హద్దు దాటేటప్పుడు చిన్నగా ఎగిరిపడినట్లుంటే, అడుగుల బొమ్మలన్నింటిలోనూ ఆ గుర్తు ఒకే చోట లేదని గ్రహించవచ్చు.

ఏది ముందు, ఏది వెనుక

దూరాన్ని వదిలేసినందుకు తీర్చవలసిన మొదటి అప్పు ఇక్కడ మొదలవుతుంది. పరిమాణం దూరాన్ని చెప్పనప్పుడు, ఒక వస్తువు ఇంకొకదాన్ని కప్పడమే దూరానికి ప్రధాన సాక్ష్యం అవుతుంది. ఒకచోట ఆ సాక్ష్యం తప్పినా లోతు అనే భ్రమ మొత్తం కూలిపోతుంది. చదును బొమ్మలకు తమ వెనుక ఏముందో, ముందు ఏముందో తెలియదు. ఆఖరున గీసిన బొమ్మ అంతకుముందు గీసినదాన్ని కప్పేస్తుంది కనుక గీసే వరుసే దూరాన్ని నిర్ణయిస్తుంది. అందుకే దూరంగా ఉన్నవాటిని ముందు, దగ్గరగా ఉన్నవాటిని తర్వాత గీస్తారు. చిత్రకారుడు ముందు ఆకాశం, తర్వాత కొండలు, వాటిపైన చెట్లు వేసే క్రమం ఇదే కనుక దీన్ని చిత్రకారుడి పద్ధతి అంటారు.

వస్తువులన్నీ ఒక్కో గడిలో ఒదిగి ఉన్నంతవరకూ వరుస నిర్ణయించడం సులభం. గడి రెండంకెల మొత్తం ఎంత ఎక్కువైతే ఆ గడి తెరమీద అంత కిందికి, అంటే చూపుకు అంత దగ్గరగా ఉన్నట్లు. మొత్తం తక్కువగా ఉన్నవాటిని ముందుగా గీస్తే చాలు. మొత్తం సమానమైన గడులు తెరమీద ఒకే అడ్డగీత మీద పక్కపక్కన ఉంటాయి. గడి వెడల్పు దాటని బొమ్మలు ఒకదాన్నొకటి కప్పుకోవు కనుక వాటిలో ఏది ముందు గీసినా ఒకటే.

ఒక వస్తువు అనేక గడులను ఆక్రమించినప్పుడు ఈ నియమం విఫలమవుతుంది. 0, 2 గడి నుంచి 5, 2 గడి వరకూ కుడి దిగువకు సాగిన ఆరు గడుల గోడ ఉందనీ, దాన్ని ఒకే పెద్ద బొమ్మగా గీశారనీ అనుకుందాం. ఆ గోడకు అవతల, 4, 1 గడిలో ఒక కాపలాదారు నిలబడ్డాడు. అతడి మొత్తం 5. అతడు గోడ వెనుక ఉన్నాడు కనుక గోడను అతడి తర్వాత గీయాలి, అంటే గోడకు 5కంటే పెద్ద సంఖ్య ఇవ్వాలి. గోడకు ఇవతల, 1, 3 గడిలో మరొక మనిషి ఉన్నాడు. అతడి మొత్తం 4. అతడు గోడ ముందు ఉన్నాడు కనుక గోడను అతడికంటే ముందు గీయాలి, అంటే గోడకు 4కంటే చిన్న సంఖ్య ఇవ్వాలి. ఒకే సంఖ్య 5కంటే పెద్దదిగానూ 4కంటే చిన్నదిగానూ ఉండజాలదు. గోడను దాని మొదటి గడి ప్రకారం 2గా లెక్కిస్తే కాపలాదారు గోడలోంచి ముందుకు చొచ్చుకువస్తాడు, చివరి గడి ప్రకారం 7గా లెక్కిస్తే ఇవతలి మనిషి గోడలోకి మాయమవుతాడు. ఈ రెండు లోపాల్లో ఒకటి కనిపించిందంటే, పెద్ద బొమ్మకు ఒక్క సంఖ్యే కేటాయించారని నిస్సంశయంగా చెప్పవచ్చు.

దీనికి నమ్మదగిన పరిష్కారం గోడను గడికొక ముక్కగా కోయడం. అప్పుడు ఆరు ముక్కలకూ 2 నుంచి 7 వరకూ వేర్వేరు సంఖ్యలు వస్తాయి. కాపలాదారుకు సూటిగా ముందున్న ముక్క 5, 2 గడిలోనిది. దాని సంఖ్య 7 కనుక అది అతడి తర్వాత గీయబడి అతడిని కప్పుతుంది. ఇవతలి మనిషికి సూటిగా వెనుకనున్న ముక్క 0, 2 గడిలోనిది. దాని సంఖ్య 2 కనుక అది ముందే గీయబడి అతడి వెనుక ఉండిపోతుంది. చూసేవారికి గోడ అతుకు లేకుండా ఒక్కటిగానే కనిపిస్తుంది.

కప్పడంలో మరో చిక్కు కూడా ఉంది: అది నిజంగానే దాచేస్తుంది. ఎత్తయిన గోడ వెనుకకు ఆటగాడి పాత్ర వెళితే పాత్ర కనిపించదు, చూపు మాత్రం ఒకే దిక్కున బిగించి ఉంటుంది. కొన్ని ఆటలు అడ్డం వచ్చిన గోడను పారదర్శకంగా మారుస్తాయి. సిమ్‌సిటీ 2000, 1999 నాటి రోలర్‌కోస్టర్ టైకూన్ వంటివి దృశ్యాన్ని పావు వంతు చొప్పున తిప్పుకోనిస్తాయి. దిక్కు మారితే కనిపించే ముఖాలు మారతాయి కనుక అలాంటి ఆటల్లో నాలుగు వైపులా ఒకేలా లేని ప్రతి వస్తువుకూ నాలుగు బొమ్మలు గీయక తప్పదు. ఒక్క బొమ్మతో సరిపోతుందన్న మొదటి లాభం అక్కడ కొంత తరిగిపోతుంది.

ఎత్తా, దూరమా?

రెండో అప్పు ఇంకా లోతైనది, దాన్ని పూర్తిగా తీర్చడం ఎవరి వల్లా కాలేదు. తెరకు రెండు కొలతలే ఉన్నాయి, దృశ్యానికి మూడున్నాయి. మూడింటిని రెండులోకి కుదించినప్పుడు వేర్వేరు చోట్లు తెరమీద ఒకే బిందువు మీద పడక తప్పదు. దిమ్మె ఎత్తును 32 పిక్సెళ్లుగా తీసుకున్న ఆటలో 4, 4 గడిలో ఒక దిమ్మె మీద నిలిచిన పెట్టెనూ, దాని వెనుక 3, 3 గడిలో నేలమీద ఉన్న పెట్టెనూ లెక్కిద్దాం. రెండింటికీ అంకెల తేడా సున్నా. మొదటిదాని మొత్తం 8, కనుక 128 పిక్సెళ్లు కిందికి రావాలి, ఎత్తు 32 తీసివేస్తే 96. రెండోదాని మొత్తం 6, కనుక 96. రెండు పెట్టెలూ తెరమీద సరిగ్గా ఒకే చోట పడతాయి. అసలైన లెక్క ప్రకారం 64 పిక్సెళ్ల గడి మీద నిలిచే కచ్చితమైన ఘనం ఎత్తు సుమారు 39 పిక్సెళ్లు ఉండాలి. ఆ కొలత తీసుకుంటే ఈ రెండు బిందువులు కొద్దిగా తప్పుకుంటాయి, కానీ వేరే బిందువులు వేరే చోట కలుస్తాయి. కొలత మార్చితే చిక్కు స్థానం మారుతుందే తప్ప చిక్కు పోదు.

దీపం నీడ పద్ధతిలోనూ ఈ కలయిక ఉంది గాని, అక్కడ దూరపు పెట్టె చిన్నదిగా కనిపించి తన చోటు చెబుతుంది. ఇక్కడ రెండూ ఒకే పరిమాణంలో ఉంటాయి కనుక, దిమ్మె కూడా కనిపించకపోతే, విడదీసి చెప్పే ఆనవాలు ఏదీ మిగలదు. గాలిలో ఎగిరే వస్తువు విషయంలో ఇది ఆటనే దెబ్బతీస్తుంది. 1982లో సెగా విడుదల చేసిన జాక్సన్ అనే ఆటలో, ఏటవాలుగా కదిలే కోటమీదుగా ఆటగాడు విమానాన్ని నడపాలి. విమానం తెరమీద పైకి జరిగినప్పుడు అది ఎత్తుకు లేచిందా, పక్కకు జరిగిందా అన్నది బొమ్మను బట్టి తేలదు. అది తేలకపోతే గోడలోని సందులోంచి దూరడం అసాధ్యం. అందుకే ఆ ఆటలో నేలమీద విమానం నీడను చూపారు, తెర ఎడమ అంచున ఎత్తును తెలిపే కొలమానాన్ని కూడా ఉంచారు. నీడ నేలకు అంటుకుని ఉంటుంది కనుక విమానం ఏ చోటికి సూటిగా పైన ఉందో అది చెబుతుంది, నీడకూ విమానానికీ మధ్య ఎడం ఎత్తును చెబుతుంది. పోగొట్టుకున్న మూడో కొలత ఆ చిన్న నల్లటి మచ్చ ద్వారా తిరిగి వచ్చింది.

నిలకడగా ఉన్న వస్తువుల్లో ఆ పని వెలుగు చేస్తుంది. అంచులు మాత్రమే గీసిన ఘనాన్ని కాసేపు చూస్తే ముందున్న మూల వెనక్కి, వెనుకనున్న మూల ముందుకు తారుమారవుతాయని స్విట్జర్లాండుకు చెందిన స్ఫటిక శాస్త్రవేత్త లూయీ నెకర్ 1832లో వివరించారు. సమాంతర గీతల బొమ్మలో రెండు అర్థాలకూ సమాన బలం ఉండడమే అందుకు కారణం. అదే ఘనానికి పైముఖాన్ని లేత రంగుతో, ఒక పక్కముఖాన్ని మధ్యస్థపు ఛాయతో, రెండో పక్కముఖాన్ని ముదురు ఛాయతో నింపితే ఆ ఊగిసలాట చాలావరకు ఆగిపోతుంది. వెలుగు పైనుంచే వస్తుందని మనిషి చూపు సహజంగా నమ్ముతుంది కనుక లేతగా ఉన్నది పైముఖమే అని తీర్మానించుకుంటుంది. అందుకే ఆటలోని బొమ్మలన్నింటికీ వెలుగు ఒకే దిక్కు నుంచి పడాలన్న నియమాన్ని చిత్రకారులు కచ్చితంగా పాటిస్తారు. పది మంది గీసిన వంద బొమ్మల్లో ఒక్క ఇంటికి మాత్రం కుడివైపు వెలుగు పడితే, గీతలన్నీ సరిగ్గా ఉన్నా, ఆ ఇల్లు ఆ వీధికి చెందనట్లు కనిపిస్తుంది.

నేటి యంత్రాల్లో చాలా ఆటలు చదును బొమ్మలకు బదులు మూడు కొలతల నమూనాలను నిర్మించి, వాటిని సమాంతర చూపుగల కెమెరాతో తెరకెక్కిస్తున్నాయి. ప్రతి పిక్సెల్‌కూ దాని లోతు ఎంతో గ్రాఫిక్స్ చిప్ గుర్తుంచుకుంటుంది కనుక గోడను ముక్కలు కోసే శ్రమ తప్పింది. ఎత్తుకూ దూరానికీ మధ్య సందిగ్ధం మాత్రం చూపు పద్ధతిలోనే ఉంది, యంత్రంలో లేదు. కనుక అది అలాగే నిలిచింది. 2014లో అస్టూ గేమ్స్ విడుదల చేసిన మాన్యుమెంట్ వ్యాలీ ఆ సందిగ్ధాన్నే ఆటగా మలిచింది: దూరంగా ఉన్న రెండు వంతెనలు తెరమీద ఒకదాన్నొకటి తాకినట్లు కనిపించేలా తిప్పితే, ఆటలోని పాత్ర నిజంగానే ఒకదాని మీది నుంచి ఇంకొకదాని మీదికి నడిచిపోతుంది. అలాంటి భ్రమ కోరని ఆటను ఇవాళ ఎవరు తయారుచేసినా, గీసే వరుసను యంత్రానికి వదిలేయవచ్చు గాని ఎగిరే ప్రతి వస్తువు కిందా నీడ పెట్టక తప్పదు.